ఆఫర్ కాల్ ఎలా ఫిక్స్ చేయాలి: ఎవరెవరు ఉండాలి, ఏమేం మాట్లాడాలి

నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నియామకాలు చూస్తాను. కొత్తలో ఒకసారి, సెలెక్ట్ అయిన అబ్బాయికి సాయంత్రం ఆరున్నరకి నేరుగా ఫోన్ చేసి జీతం, జాయినింగ్ డేట్ అన్నీ చెప్పేశాను. ఆయన "ఆ... సరేనండి... సరే" అంటూ విన్నారు. ఒప్పుకున్నారని రాసుకుని ఆఫర్ లెటర్ పంపాను. ఇరవై రోజుల తర్వాత రానని మెయిల్ పెట్టారు. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పారు: ఆ ఫోన్ వచ్చినప్పుడు ఆయన ఆఫీస్ క్యాబ్‌లో ఉన్నారు, పక్క సీట్లో ఆయన టీమ్ లీడ్ ఉన్నారు. నేను చెప్పిన అంకెలేవీ ఆయనకు సరిగ్గా వినపడలేదు, అడగాలనుకున్నది ఒక్కటీ అడగలేకపోయారు.

అప్పటినుంచి ఆఫర్ గురించి ముందుగా టైమ్ అడిగి ఫిక్స్ చేసిన కాల్‌లోనే మాట్లాడుతున్నాను. ఆ పని ఎలా చేస్తానో ఒక ఉదాహరణ పట్టుకుని మొదటినుంచీ చెబుతాను. అభ్యర్థి సొంతూరు గుంటూరు, ఉద్యోగం బెంగళూరులో, ఆరేళ్ల అనుభవం ఉన్న బ్యాకెండ్ డెవలపర్. మనం హైదరాబాద్ ఆఫీసుకి 18 లక్షల సీటీసీతో, అంటే ఆయన మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు అది అన్న లెక్కతో, తీసుకుంటున్నాం. ప్రస్తుత కంపెనీలో నోటీస్ పీరియడ్ 90 రోజులు. మేనేజర్ అమెరికాలో, డల్లాస్‌లో ఉంటారు.

ముందు అప్రూవల్, తర్వాతే కాల్

అభ్యర్థికి టైమ్ అడిగే ముందు కొన్ని విషయాలు నా మెయిల్‌లో రాతపూర్వకంగా ఉండాలి: గ్రేడ్, ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్ ఎంత, జాయినింగ్ బోనస్ ఉందా, నోటీస్ రోజులు తగ్గించుకోవడానికి పాత కంపెనీకి కట్టే బయౌట్ డబ్బు మన కంపెనీ ఇస్తుందా, వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకి రావాలి. ఫైనాన్స్ వాళ్లు నోటిమాటగా సరే అంటే దాన్ని అప్రూవల్ కింద లెక్క వేయను.

వీటితోపాటు ఇంకొకటి అడిగి పెట్టుకుంటాను. అభ్యర్థి ఇంకాస్త అడిగితే ఎంతదాకా వెళ్లొచ్చు? మన ఉదాహరణలో 18 లక్షలకి అప్రూవల్ ఉంది, 19 దాకా మళ్లీ అడగనక్కర్లేదు, ఆ పైన అడిగితే డైరెక్టర్ దగ్గరికి వెళ్లాలి అనుకుందాం. ఈ హద్దు తెలియకుండా కాల్‌లో కూర్చుంటే, అడిగిన ప్రతిదానికీ "కనుక్కుని చెబుతాను" అనే చెప్పాల్సి వస్తుంది. మూడోసారి ఆ మాట వినేసరికి, నిర్ణయం మన చేతిలో లేదని అభ్యర్థికి అర్థమైపోతుంది. తర్వాత నేరుగా మేనేజర్‌కి ఫోన్ చేస్తారు.

అప్రూవల్ రాకుండా కాల్ ఫిక్స్ చేస్తే జరిగే నష్టం ఇంకా పెద్దది. కాల్ వాయిదా పడిన ఆ రెండు రోజుల్లో అభ్యర్థికి రకరకాల అనుమానాలు మొదలవుతాయి. ఈలోగా ఇంకో కంపెనీ లెటర్ వచ్చిందంటే మన మాటకి విలువ పోతుంది.

కాల్‌లో ఎవరెవరు ఉండాలి

నా లెక్కలో ముగ్గురు చాలు: అభ్యర్థి, రిక్రూటర్, హైరింగ్ మేనేజర్. మేనేజర్ కూడా మొదటి పది పన్నెండు నిమిషాలు మాత్రమే ఉండాలి. పని గురించి చెప్పి, శుభాకాంక్షలు చెప్పి తప్పుకోవాలి. జీతం మాట మొదలయ్యేసరికి ఆయన కాల్‌లో ఉండకూడదు.

ఈ విషయంలో నేను కాస్త గట్టిగానే ఉంటాను. మొదటి కారణం, రేపటినుంచి ఎవరికి రిపోర్ట్ చేయాలో ఆయన ముందే "ఇంకో లక్ష పెంచండి" అని అడగడానికి మనవాళ్లలో చాలామంది మొహమాటపడతారు. అడగరు, మనసులో పెట్టుకుంటారు, జాయిన్ అయ్యే వారం వేరే ఆఫర్ తీసుకుంటారు. రెండో కారణం మేనేజర్ల మంచితనం. నచ్చిన మనిషి చేజారకూడదన్న ఆత్రంలో "ముందు జాయిన్ అవ్వండి, ఆరు నెలల్లో రివ్యూ చేద్దాం" అనేస్తారు. అభ్యర్థి దాన్ని ఆరు నెలల్లో హైక్ అనే వింటారు. అది ఆఫర్ లెటర్‌లో ఉండదు. ఇలాంటి ఒక్క మాట వల్ల, చేరిన ఏడో నెలలో మంచి ఇంజనీర్ బాధపడి వెళ్లిపోవడం నేను చూశాను. అందుకే కాల్‌కి ముందు మేనేజర్‌తో ఐదు నిమిషాలు మాట్లాడి ఒకటే కోరతాను: "డబ్బు, ప్రమోషన్, వర్క్ ఫ్రమ్ హోమ్ గురించి ఏమడిగినా నా పేరు చెప్పండి."

జీతాల విభాగం నుంచి ఒకరు రావడం అరుదు. షేర్లు ఇస్తున్నప్పుడో, విదేశం నుంచి తిరిగొస్తున్నవాళ్లకి పన్ను సందేహాలు ఉన్నప్పుడో వాళ్లని రెండో కాల్‌కి పిలవడం నయం. ఇంటర్వ్యూ ప్యానెల్ వాళ్లు అస్సలు వద్దు. ఐదారుగురు ఎదురుగా కూర్చుంటే అభ్యర్థికి అది ఇంకో రౌండ్ ఇంటర్వ్యూలాగే ఉంటుంది. కన్సల్టెన్సీ ద్వారా వచ్చినవాళ్లయితే, ఫలానా రోజు కాల్ ఉందని కన్సల్టెంట్‌కి తెలియజేస్తే చాలు. అంకెలు మాత్రం అభ్యర్థి మొదట మన నోటినుంచే వినాలి.

కాల్‌లో కనిపించని మనుషులు ఇంకొందరు ఉంటారు. నాన్నగారు, భార్య లేదా భర్త, ముందే ఈ ఫీల్డ్‌లో ఉన్న బావగారు. చాలా ఇళ్లలో ఉద్యోగం మారడం అందరూ కూర్చుని తీసుకునే నిర్ణయం. వాళ్లని కాల్‌లోకి పిలవం కానీ, వాళ్లతో మాట్లాడుకునే వ్యవధి మాత్రం ముందే లెక్కలో వేసుకోవాలి.

టైమ్ అడగడం, ఆహ్వానం పంపడం

ముందు ఒక చిన్న మెసేజ్. అందులో జీతం అంకె ఉండదు. దేనిగురించి కాల్, ఎంతసేపు, ఎవరుంటారు అన్నవి మాత్రం తప్పకుండా ఉంటాయి. నేను పంపేది దాదాపు ఇలా ఉంటుంది:

"నమస్తే అండీ. మీ ఇంటర్వ్యూలు పూర్తయ్యాయి, టీమ్ మిమ్మల్ని ఎంపిక చేసింది. ఆఫర్ వివరాలు మాట్లాడటానికి 40 నిమిషాల వీడియో కాల్ అనుకుంటున్నాం. మొదటి పది నిమిషాలు మీ మేనేజర్ ఉంటారు, ఆ తర్వాత మీరూ నేనే. పని, జీతం బ్రేకప్, నోటీస్ పీరియడ్, జాయినింగ్ డేట్ మాట్లాడుకుందాం. మంగళవారం రాత్రి 7.30, బుధవారం రాత్రి 7.30, గురువారం రాత్రి 8. వీటిలో మీరు విడిగా కూర్చుని మాట్లాడగలిగేది ఏది?"

చివర్లో "విడిగా కూర్చుని" అన్న మాట కావాలనే పెట్టాను. ఉద్యోగంలో ఉన్న మనిషికి పగలు వేరే కంపెనీతో జీతం మాట్లాడే వీలుండదు. "మీకు ఎప్పుడు ఖాళీ?" అని వదిలేస్తే మొహమాటానికి మధ్యాహ్నం లంచ్ టైమ్ చెప్పి, మెట్లమీద నిలబడి మాట్లాడతారు. మూడు టైమ్‌లు మనమే ఇవ్వాలి, అవి ఆఫీస్ అయ్యాకవే అయ్యుండాలి.

ఎంపికైన విషయం ముందే చెప్పేయాలా, కాల్‌లో చెప్పాలా అని కొందరు అడుగుతారు. చెప్పేయడమే మంచిది. "ఒక డిస్కషన్ ఉంది" అని మాత్రమే రాస్తే ఆ రెండు రోజులూ వాళ్లకి టెన్షన్. కొందరు మళ్లీ ఇంటర్వ్యూ అనుకుని రాత్రంతా చదువుకుని వస్తారు. అయితే ఎంపికైనట్టు చెప్పడం వేరు, ఆఫర్ ఇచ్చేసినట్టు చెప్పడం వేరు. లెటర్ వెళ్లేదాకా రెండోది అనకూడదు.

రోజు విషయానికొస్తే, వారం మధ్యలో పెట్టుకుంటాను. బుధవారం మాట్లాడితే గురు, శుక్రవారాల్లో వాళ్ల సందేహాలకి మనం అందుబాటులో ఉంటాం, శని ఆదివారాలు ఇంట్లో మాట్లాడుకుంటారు, సోమవారానికి జవాబు వస్తుంది. శుక్రవారం రాత్రి కాల్ పెడితే, శనివారం ఇంట్లో వచ్చిన ప్రశ్నకి సోమవారం దాకా జవాబు చెప్పేవాళ్లుండరు.

మేనేజర్ డల్లాస్‌లో ఉన్నారు కాబట్టి ఇంకో లెక్క. మనకి రాత్రి 7.30 అంటే వేసవిలో అక్కడ ఉదయం 9 గంటలు. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకున్నాక అదే 7.30 వాళ్లకి ఉదయం 8 అవుతుంది. మార్చి రెండో ఆదివారం మళ్లీ మారుతుంది. ఆ వారాల్లో క్యాలెండర్ ఆహ్వానం పంపి ఊరుకోకుండా, రెండు చోట్ల టైమూ మెసేజ్‌లో రాస్తాను.

ఆహ్వానం అభ్యర్థి వ్యక్తిగత మెయిల్‌కే వెళ్లాలి. రెజ్యూమెలో పొరపాటున ఆఫీస్ మెయిల్ ఇచ్చేవాళ్లు ఉంటారు, ఒకసారి సరిచూసుకోవాలి. సబ్జెక్ట్‌లో కూడా ఆఫర్, జీతం అన్న మాటలు పెట్టను, "బుధవారం 7.30 కాల్" అని ఊరుకుంటాను. స్క్రీన్ షేర్ చేస్తున్నప్పుడు నోటిఫికేషన్ పైకి వస్తే ఆయన ప్రస్తుత ఉద్యోగానికి ఇబ్బంది.

కాల్ జరిగే వరుస

మొదటి పది నిమిషాలు మేనేజర్‌వి. ఏ టీమ్, ఎవరికి రిపోర్ట్ చేయాలి, మొదటి మూడు నెలల్లో ఏ పని చేతికిస్తారు. ఇక్కడ ఒక్కటే చూసుకోవాలి. ఇంటర్వ్యూలో చెప్పిన పనీ, ఇప్పుడు చెబుతున్న పనీ ఒకటేనా? కొత్త ప్రాజెక్ట్ అని చెప్పి, ఇప్పుడు పాత సిస్టమ్ సపోర్ట్ అంటే అభ్యర్థి ముఖంలోనే తెలిసిపోతుంది. మేనేజర్ వెళ్లాక "పని గురించి మీరు అనుకున్నదానికి ఇప్పుడు విన్నది సరిపోయిందా?" అని నేను తప్పకుండా అడుగుతాను.

తర్వాత జీతం. దీనికి పదిహేను నిమిషాలైనా ఇవ్వాలి. నోటితో చెప్పకుండా, బ్రేకప్ షీట్ స్క్రీన్ మీద చూపిస్తాను. 18 లక్షలు అనగానే ఎవరైనా మనసులో పన్నెండుతో భాగించి నెలకి లక్షన్నర అనుకుంటారు. చేతికొచ్చేది అంత ఉండదు. ఈ తేడా మొదటి జీతం పడిన రోజున కాకుండా, ఈ కాల్‌లోనే తెలియాలి.

మన ఉదాహరణలో 18 లక్షల్లో 1,80,000 వేరియబుల్. అది నెలనెలా రాదు, కంపెనీ పనితీరు, మనిషి పనితీరు చూసి ఏడాదికోసారి ఇస్తారు. మిగిలిన ఫిక్స్‌డ్ 16,20,000. అందులో బేసిక్ సగం, అంటే నెలకి 67,500. ఫిక్స్‌డ్ లోపలే కంపెనీ కట్టే పీఎఫ్ వాటా ఉంది, 15,000 వేతన పరిమితి మీద 12 శాతం లెక్కన నెలకి 1,800, ఏడాదికి 21,600. గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం, ఏడాదికి దాదాపు 38,960. ఈ రెండూ తీసేస్తే నెల గ్రాస్ సుమారు 1,29,950. ఇందులోంచి ఉద్యోగి పీఎఫ్ వాటా 1,800, తెలంగాణ వృత్తి పన్ను 200 పోతాయి. 2025-26 కొత్త పన్ను విధానం ప్రకారం 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసి లెక్కేస్తే, ఆదాయపు పన్ను నెలకి సుమారు 8,900. చివరికి చేతికొచ్చేది దాదాపు 1,19,000.

అంటే ఆయన మనసులో ఉన్న లక్షన్నరకీ దీనికీ 31,000 తేడా. ఈ అంకె చెప్పడానికి రిక్రూటర్లు భయపడతారు. నేను స్పష్టంగా చెబుతాను, ఇది అంచనా అని, పన్ను ఆయన ఎంచుకునే విధానాన్ని బట్టి, పాత కంపెనీలో వచ్చిన ఆదాయాన్ని బట్టి మారుతుందని కూడా చెబుతాను. ఆ తర్వాత ఆయన ఇప్పటి పేస్లిప్ పక్కన పెట్టుకుని చూడమంటాను. సీటీసీకీ సీటీసీకీ పోలిక పెట్టుకుంటే మోసపోతారు. ఫిక్స్‌డ్‌కి ఫిక్స్‌డ్, చేతికొచ్చేదానికి చేతికొచ్చేది పోల్చుకోవాలి.

పీఎఫ్ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. కొన్ని కంపెనీలు 1,800 దగ్గర ఆపకుండా పూర్తి బేసిక్ మీద 12 శాతం కడతాయి. మన ఉదాహరణలో అలా కడితే రెండు వాటాలూ నెలకి 8,100 చొప్పున అవుతాయి, చేతికొచ్చేది సుమారు 1,07,400కి తగ్గుతుంది. ఆ డబ్బు ఎక్కడికీ పోదు, ఆయన పీఎఫ్ ఖాతాలోనే ఉంటుంది. కానీ ఇంటి ఈఎంఐ కట్టేవాళ్లకి నెలకి పదకొండు వేల పైన తేడా అంటే చిన్న విషయం కాదు. అందుకే మన కంపెనీ పద్ధతి ఏది, వాళ్ల పాత కంపెనీ పద్ధతి ఏది అన్నది మాట్లాడకుండా ముందుకి వెళ్లను.

జాయినింగ్ బోనస్ ఉంటే దాని షరతు కూడా అప్పుడే చెప్పాలి. లక్ష ఇస్తున్నాం, పన్నెండు నెలల్లోపు వెళ్లిపోతే తిరిగివ్వాలి అనుకుందాం. ఈ స్లాబులో పన్ను, సెస్ పోను ఆయనకి అందేది దాదాపు 84,400. వెళ్లిపోతే తిరిగి కట్టాల్సింది లక్షా, 84,400నా? లెటర్‌లో ఏముందో ముందే చదివి పెట్టుకుని, ఆ వాక్యం చదివి వినిపించాలి. ఇక్కడ వచ్చే గొడవలన్నీ ఎవరూ చదివి వినిపించకపోవడం వల్ల వచ్చినవే.

నోటీస్ పీరియడ్, జాయినింగ్ డేట్

"మీ నోటీస్ ఎంత?" అని ఊరికే అడిగితే "90 రోజులు, మాట్లాడితే తగ్గిస్తారు" అంటారు. తగ్గించేది ఎవరు, దేని ఆధారంగా? వాళ్ల అపాయింట్‌మెంట్ లెటర్‌లో బయౌట్ వాక్యం ఉందేమో చూడమంటాను. కొన్ని చోట్ల బయౌట్ ఉద్యోగి హక్కు, కొన్ని చోట్ల మేనేజర్ ఒప్పుకుంటేనే. కట్టాల్సిన డబ్బు కొన్ని చోట్ల బేసిక్ మీద, కొన్ని చోట్ల గ్రాస్ మీద లెక్కేస్తారు, దాంతో మొత్తం రెట్టింపు కూడా కావచ్చు. మన కంపెనీ ఆ డబ్బు ఇచ్చేటట్టయితే గరిష్ఠంగా ఎంత, రసీదు చూపించాలా, ఏ నెల జీతంతో వస్తుంది అన్నవి చెప్పాలి.

ఆ తర్వాత క్యాలెండర్ తెరిచి ఇద్దరం కలిసి లెక్కేస్తాం. జూన్ 10న రాజీనామా పెడితే 90 రోజులకి సెప్టెంబర్ 8. నెల రోజులు బయౌట్ అయితే ఆగస్టు 9. రిలీవింగ్‌కీ జాయినింగ్‌కీ మధ్య ఇల్లు మారడానికి నాలుగైదు రోజులు కావాలి. కొందరు ఆషాఢంలో చేరబోమంటారు, మంచి రోజు చూసుకుని చెబుతామంటారు. అది ఇప్పుడే అడిగేస్తే మంచిది. లెటర్‌లో తేదీ పడ్డాక మార్చాలంటే మళ్లీ అప్రూవల్, ల్యాప్‌టాప్, బ్యాచ్ అన్నీ కదపాలి.

ఇక్కడే ఒక మాట నేను విడిగా, నెమ్మదిగా చెబుతాను: "సంతకం చేసిన ఆఫర్ లెటర్ మీ మెయిల్‌కి వచ్చేదాకా రాజీనామా పెట్టకండి." నా మాట మీద నమ్మకంతో కాల్ అయిన మర్నాడే రాజీనామా పెట్టేసేవాళ్లు ఉంటారు. ఆ మధ్యలో పోస్ట్ ఆగిపోతే ఒక కుటుంబం ఇబ్బందిపడుతుంది.

బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ గురించి క్లుప్తంగా చాలు. చివరి మూడు పేస్లిప్పులు, పాత కంపెనీల రిలీవింగ్ లెటర్లు, డిగ్రీ కాగితాలు. పీఎఫ్ కోసం ఇచ్చే యూఏఎన్ నంబర్‌లో సర్వీస్ చరిత్ర కనిపిస్తుంది కాబట్టి, రెజ్యూమెలో రాయని చిన్న ఉద్యోగం ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పమని అడుగుతాను. ముందే చెప్తే చాలాసార్లు సర్దుబాటు అవుతుంది, తర్వాత బయటపడితే అవ్వదు.

కాల్‌లోనే పసిగట్టాల్సినవి

జీతం షీట్ చూపించినప్పుడు ఒక్క ప్రశ్నా అడగకుండా "లెటర్ ఎప్పుడు పంపిస్తారు?" అని రెండు మూడుసార్లు అడిగారంటే, ఆ లెటర్ ఇంకెక్కడో చూపించడానికి కావచ్చు. దాన్ని తప్పు పట్టను, నేరుగా అడుగుతాను: "ఇంకే ఆఫర్ అయినా చేతిలో ఉందా? ఉంటే చెప్పండి, దాన్ని బట్టి మన టైమ్ చూసుకుందాం." గౌరవంగా అడిగితే చాలామంది చెబుతారు. అలాగే, "మీరు రాజీనామా చెప్పగానే మీ కంపెనీ జీతం పెంచుతామంటే ఏం చేస్తారు?" అని కూడా అడుగుతాను. ఏమంటారో వెంటనే చెప్పగలిగినవాళ్లు దాని గురించి ముందే ఆలోచించుకుని ఉంటారు. తడబడినవాళ్లతో నోటీస్ కాలమంతా వారానికోసారైనా మాట్లాడాలి.

ఇంకా పెంచమని అడిగితే కాల్‌లోనే అంకె మార్చను, హద్దు లోపలే ఉన్నా సరే. ఎంత కావాలి, ఎందుకు అన్నది రాసుకుని, ఫలానా రోజు ఫలానా టైమ్‌కి జవాబు చెబుతానని చెప్పి, ఆ టైమ్‌కి ఫోన్ చేస్తాను. అక్కడికక్కడ పెంచితే, ముందు తక్కువ చెప్పారనుకుంటారు.

కాల్ అయ్యాక, అదే రాత్రి

పడుకునే లోపు ఒక మెయిల్ వెళ్లాలి: ఫిక్స్‌డ్, వేరియబుల్, బోనస్ షరతు, అనుకున్న జాయినింగ్ డేట్, ఆయన అడిగినవాటిలో జవాబు బాకీ ఉన్నవి, లెటర్ ఎప్పుడు వస్తుంది. ఇది ఆఫర్ లెటర్ కాదని కూడా అందులో రాయాలి. బ్రేకప్ షీట్ జతచేయడం మరవకూడదు, ఎందుకంటే ఇంట్లోవాళ్లకి చూపించేది అదే. ఆ మెయిల్ మేనేజర్‌కి కాపీ పెట్టను. ఆయనకి జాయినింగ్ డేట్ ఒక్కటి చెబుతాను.

లెటర్ రెండు పనిదినాల్లో పంపి, ఒప్పుకోవడానికి ఐదు రోజులు ఇస్తాను. ఒకే రోజులో సంతకం పెట్టమని ఒత్తిడి చేస్తే పెడతారు కానీ, అలా పెట్టినవాళ్లలో జాయినింగ్ రోజున రానివాళ్లు నా అనుభవంలో ఎక్కువ. మూడో రోజు నేనే ఫోన్ చేసి, ఇంట్లో ఏమన్నారో అడుగుతాను. మన గుంటూరు అభ్యర్థి లాంటివాళ్లు చాలాసార్లు అప్పుడే అసలు ప్రశ్న అడుగుతారు. భార్య ఉద్యోగం బెంగళూరులోనే ఉంది, మొదటి రెండు నెలలు అక్కడినుంచి పనిచేయొచ్చా అని. ఆ జవాబు కూడా లెటర్‌లోకి ఎక్కాకే సంతకం పెట్టమంటాను.